ఆర్డర్ ఎక్కడ ఆగింది?



జీడిమెట్లలోనో, బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో చిన్న ఫ్యాక్టరీ నడిపేవారిని "సరుకు చెప్పిన రోజుకి ఎందుకు వెళ్లడం లేదండీ?" అని అడిగి చూడండి. "పనివాళ్లు దొరకడం లేదు" అంటారు. లేదంటే "మిషన్ పాతదైపోయింది, కొత్తది కొనాలి" అంటారు. ఆలస్యం అనగానే యజమాని చూపు షెడ్డులోకే వెళుతుంది. చప్పుడు వచ్చేది అక్కడే, మనుషులు చెమటలు కక్కేది అక్కడే, కాబట్టి ఆలస్యం కూడా అక్కడే ఉంటుందనుకోవడం సహజం. కానీ ఆర్డర్ వచ్చిన రోజు నుంచి సరుకు లారీ ఎక్కిన రోజు దాకా ఒక్కొక్క రోజూ లెక్క కడితే, ఎక్కువ రోజులు షెడ్డులో కనిపించవు. ఒకరి టేబుల్ మీద నుంచి ఇంకొకరి టేబుల్ మీదికి వెళ్లే దారిలో కనిపిస్తాయి.

ఆ దారిని కాగితం మీద గీసి చూసే పద్ధతిని వ్యాల్యూ స్ట్రీమ్ మ్యాపింగ్ అంటారు. జపాన్‌లో టొయోటా ఇంజనీర్లు ఒక ఫ్యాక్టరీలో సరుకు ఎలా కదులుతోంది, దానితో పాటు సమాచారం ఎలా కదులుతోంది అని ఒకే పటంలో గీసుకునేవారు. మైక్ రోథర్, జాన్ షూక్ అనే ఇద్దరు అమెరికన్లు 1990ల చివర్లో దాన్ని ఒక చిన్న పుస్తకంగా రాయడంతో ఆ పటం ప్రపంచంలోని ఫ్యాక్టరీలన్నిటికీ పాకింది. సరుకు ఒక్కటే గీస్తే అది మామూలు ప్రాసెస్ చార్టు అవుతుంది. "ఈ పని మొదలుపెట్టమని వీళ్లకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎలా చెప్పారు" అన్నది కూడా గీయడంలోనే ఈ పటం పనితనం ఉంది. మన చిన్న యూనిట్లలో ఆలస్యం దొరికేది ఎక్కువగా ఆ రెండో భాగంలోనే.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. మోటార్లను నడిపే ఎలక్ట్రికల్ కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే యూనిట్ ఒకటి అనుకోండి. ఆఫీసు, షెడ్డు కలిపి 40 మంది ఉంటారు. రేకు పెట్టె, దాని లోపల బ్రేకర్లు, కాంటాక్టర్లు, రిలేలు, వాటి మధ్య వైరింగు, ఇదీ సరుకు. కస్టమర్‌కు నాలుగు వారాలని మాట ఇస్తారు, ఆరేడు వారాలు పడుతుంది. నేను చెప్పబోయే అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావాలని వేసుకున్నవి. కథ తీరు మాత్రం ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్తగా అనిపించదు.

పటం గీయాలంటే మొదట ఏ సరుకు దారి గీస్తున్నామో తేల్చుకోవాలి. ఆ యూనిట్ స్టాండర్డ్ స్టార్టర్ పెట్టెలూ చేస్తుంది, పెద్ద కంపెనీలకు కొలతలిచ్చి చేయించుకునే ప్యానెళ్లూ చేస్తుంది. రెండూ నడిచే దారులు వేరు. రెండింటినీ ఒకే పటంలో కలిపేస్తే సగటు వస్తుంది, ఆ సగటు రెండింటిలో దేనికీ చెందదు. కాబట్టి గొడవంతా ఉన్న రెండో రకాన్నే తీసుకుందాం.

ఇక గీసేది ఎలా? అందరినీ మీటింగ్ రూములో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "మీ దగ్గర ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగితే, ప్రతివాళ్లూ తమ చేతిలో పని ఉన్నప్పుడు పట్టే సమయం చెబుతారు. డిజైన్ ఇంజనీరు "ఒక పూట సార్" అంటాడు. పర్చేజ్ ఆయన "ఇండెంట్ వస్తే అదే రోజు ఆర్డర్ పెట్టేస్తాను" అంటాడు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఫైలు తమ ట్రేలోకి వచ్చి పడిన క్షణం నుంచి కాకుండా, తాము దాన్ని చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి లెక్క పెట్టుకుంటున్నారు, అంతే. అన్నీ కూడితే 10 రోజులు దాటదు. మరి మిగతా నెల ఎక్కడికి పోయినట్టు?

అందుకని నడవాలి. అదీ వెనక నుంచి ముందుకు. డిస్పాచ్ గేటు దగ్గర మొదలుపెట్టి, టెస్టింగు, వైరింగు, స్టోర్సు, పర్చేజు, డిజైను, సేల్సు, ఇలా కస్టమర్ మెయిల్ వచ్చిన కంప్యూటర్ దాకా వెళ్లాలి. వెనక నుంచి ఎందుకంటే, పని అందుకునేవాడికే తనకు ఏం తక్కువైందో తెలుస్తుంది. పంపినవాడు పంపేశాననే అనుకుంటాడు. ప్రతి చోటా రెండే ప్రశ్నలు అడగాలి. ఇది మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది? వచ్చేటప్పటికి ఇందులో ఏం లేదు?

జవాబులు నోటి మాటగా కాదు, తేదీలుగా కావాలి. ఈమధ్య డిస్పాచ్ అయిన పది ఆర్డర్ల ఫైళ్లు తెప్పించుకుంటే చాలా తేదీలు వాటిలోనే దొరుకుతాయి. పర్చేజ్ ఆర్డర్ మెయిల్ వచ్చిన తేదీ, వర్క్ ఆర్డర్ మీద తేదీ, డ్రాయింగు కస్టమర్‌కు పంపిన మెయిలు, ఆయన ఓకే అన్న మెయిలు, ఇండెంటు, గేట్ పాసు, పౌడర్ కోటింగుకు పంపిన చలాను, టెస్ట్ రిపోర్టు, ఇన్వాయిసు. కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంకా సుఖం కదా అనిపిస్తుంది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. పని అయిపోయినట్టు కంప్యూటర్లో నొక్కే తేదీ, పని నిజంగా అయిపోయిన తేదీ ఒకటే కానక్కర్లేదు. ఆరేడు ఆర్డర్లు అన్నీ శనివారం సాయంత్రం ఐదున్నరకు, రెండేసి నిమిషాల తేడాతో "పూర్తి" అయినట్టు కనిపిస్తే, ఎవరో వారం చివర కూర్చుని ఎంట్రీలన్నీ ఒకేసారి కొట్టారని అర్థం. ఆ తేదీలతో గీసిన పటం చూడటానికి బాగుంటుంది, పనికి రాదు.

అంతకంటే నమ్మదగింది ఒక కాగితం చీటీ. రాబోయే పది ఆర్డర్లకు ఫైలు అట్ట మీద ఒక చీటీ అతికించండి. ప్రతి టేబుల్ దగ్గరా మూడు తేదీలు రాయమనండి. వచ్చిన తేదీ, మొదలుపెట్టిన తేదీ, పంపిన తేదీ. చాలాచోట్ల వచ్చిందీ, వెళ్లిందీ రెండే రాస్తారు. అప్పుడు "డిజైన్‌కు ఏడు రోజులు" అని తేలుతుంది, డిజైన్ వాళ్లు నెమ్మదస్తులని ముద్ర పడుతుంది, ఇంకొక ఇంజనీరును తీసుకుందామనే ఆలోచన వస్తుంది. మధ్యలో మొదలుపెట్టిన తేదీ ఉంటే, ఆ ఏడు రోజుల్లో ఆరు రోజులు ఫైలు ట్రేలోనే ఉందనీ, పని జరిగింది ఒక్క రోజేననీ బయటపడుతుంది. పెద్దాసుపత్రి ఓపీలో రెండు గంటలు కూర్చుని డాక్టరు దగ్గర మూడు నిమిషాలు గడిపి వచ్చిన వాళ్లకు ఈ తేడా ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇక పటం. రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి మీరే ఒక పెద్ద కాగితం ఊహించుకోండి. పై భాగంలో కుడి మూల కస్టమర్, ఎడమ మూల మనకు సరుకిచ్చే సప్లయర్. మధ్యలో ఎడమ నుంచి కుడికి వరుసగా డబ్బాలు, ఒక్కో పనికి ఒక్కో డబ్బా. డబ్బాకూ డబ్బాకూ మధ్య, పని పేరుకుపోయి ఆగే చోట ఒక త్రిభుజం, దాని కింద అక్కడ ఎన్ని ఆర్డర్లు ఆగి ఉన్నాయో అంకె. కస్టమర్ నుంచి, ఆఫీసు నుంచి డబ్బాలకు వచ్చే కబుర్లు బాణాలు. మెయిలు, కంప్యూటర్ ద్వారా వెళ్లేవి మెరుపులాగా వంకరగా, కాగితం మీద వెళ్లేవి తిన్నగా. అన్నిటికంటే కింద, కోటగోడ బురుజుల్లాగా ఎక్కుతూ దిగుతూ ఒక గీత. గీత పైకెక్కిన చోట ఆగిన రోజులు, కిందికి దిగిన చోట చేతులు పని చేసిన గంటలు. పటం అంతా చూసే తీరిక లేనివాళ్లు ఆ కింది గీత ఒక్కటి చదివినా చాలు.

మన యూనిట్‌కు ఆ గీత ఎలా వచ్చిందో చూద్దాం. మెయిల్లో ఆర్డర్ వచ్చింది. రేటు, అడ్వాన్సు సరిచూసుకుని సేల్స్ వాళ్లు వర్క్ ఆర్డర్ రాసేలోగా 2 రోజులు. రాయడానికి పట్టింది గంట. తర్వాత డిజైన్ ట్రేలో 6 రోజులు, డ్రాయింగుకు, సామాన్ల జాబితాకు కలిపి 6 గంటలు. డ్రాయింగు కస్టమర్ ఆమోదానికి వెళ్లింది. అక్కడ ఆగి, ప్రశ్నలతో తిరిగొచ్చి, దిద్ది పంపి, ఓకే వచ్చేసరికి 7 రోజులు. దిద్దడానికి గంట. ఇండెంటు సంతకానికి, ఆ తర్వాత సామాన్లు రావడానికి కలిపి 9 రోజులు, అందులో ఆర్డర్ పెట్టే పని ఒక గంట. సామాన్లన్నీ ఒక సెట్టుగా చేరేదాకా స్టోర్సులో 3 రోజులు, ఏర్చి ఇవ్వడం గంట. వైరింగు బల్ల ఖాళీ కోసం ఒక రోజు, ఫిట్టింగు, వైరింగు కలిపి రెండు రోజుల పని. టెస్టింగు కోసం ఇంకొక రోజు, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూసి, ప్యానెల్ నడిపి చూడటం మూడు గంటలు. కస్టమర్ తరఫున ఇన్‌స్పెక్టర్ రావడానికి 4 రోజులు, ఆయన చూసింది రెండు గంటలు. మిగతా డబ్బు, ఇన్వాయిసు, లారీ వీటికి 3 రోజులు, ఎక్కించడం గంట.

కూడితే 40 పని దినాలు. వారానికి ఆరు రోజుల పనిలో ఇది ఏడు వారాలకు రెండు రోజులు తక్కువ. అందులో ఎవరో ఒకరు ఆ ఆర్డర్ మీద చెయ్యి వేసిన సమయం 32 గంటలు, అంటే 4 రోజులు. మిగతా 36 రోజులు ఆర్డర్ ఎక్కడో ఒకచోట కూర్చుని ఉంది.

ఇప్పుడు యజమాని మాట తీసుకుందాం. ఇద్దరు వైర్‌మెన్లను అదనంగా పెట్టి, రెండు రోజుల వైరింగును ఒక్క రోజుకు తెచ్చాడనుకోండి. జీతాలు పెరుగుతాయి. 40 రోజులు 39 అవుతుంది. ఆ ఒక్క రోజు కూడా కస్టమర్‌కు చేరకపోవచ్చు, ఎందుకంటే త్వరగా తయారైన ప్యానెల్ ఇన్‌స్పెక్టర్ కోసం ఇంకొక రోజు ఎక్కువ నిలబడుతుంది. వైరింగు బల్ల దగ్గర నిజంగా పని పేరుకుపోతుంటే, పక్కన ఎన్ని పెట్టెలు వరుసలో ఉన్నాయో లెక్కపెడితే తెలుస్తుంది. ఇక్కడ ఒక రోజు వరుసే ఉంది. వైర్‌మెన్లు సామాన్ల కోసం చూస్తూ కూర్చుంటున్నారు. "ఒక్క రిలే రాలేదన్నా, అది వస్తే రెండు గంటల పని" అన్న మాట ఏ ప్యానెల్ షాపులోనైనా రోజూ వినిపిస్తుంది.

డిజైన్ ట్రే దగ్గర కాస్త ఆగుదాం. అక్కడ ఆరు రోజులు ఎలా వచ్చాయో తెలుసుకోవడానికి తేదీలు కూడా అక్కర్లేదు. ట్రేలో ఎన్ని ఫైళ్లున్నాయి? 12. రోజుకు ఎన్ని డ్రాయింగులు బయటికి వెళుతున్నాయి? సగటున రెండు. 12ను రెండుతో భాగిస్తే ఆరు. ఇవాళ వచ్చిన ఫైలుకు ఆరు రోజుల తర్వాత గానీ వంతు రాదు. జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1961లో దీన్ని గణితంగా రుజువు చేసి ప్రచురించాడు, అందుకే లిటిల్ సూత్రం అంటారు. వచ్చే పని, వెళ్లే పని సుమారుగా సమానంగా ఉన్నంతకాలం ఇది పనిచేస్తుంది. ఫైళ్లు లెక్కపెట్టడం చేతనైన వాళ్లెవరైనా ఆఫీసులో తిరుగుతూ, ఏ ట్రే దగ్గర ఎన్ని రోజులు ఆగుతుందో నిమిషాల్లో చెప్పేయొచ్చు.

ఇందులో ఒక చిత్రం ఉంది. డిజైన్‌లో ఇద్దరున్నారు. రోజుకు ఇద్దరికీ కలిపి 16 గంటలు. రెండు డ్రాయింగులకు కావాల్సింది 12 గంటలు. అంటే ఆర్డర్లకు మనుషులు చాలుతున్నారు. మిగతా సమయం కొత్త ఎంక్వైరీలకు కొటేషన్ లెక్కలు వేయడానికి పోతోంది. రోజుకు రెండు వస్తున్నాయి, రెండు వెళుతున్నాయి. మరి ఆ 12 ఫైళ్లు ఎక్కడివి? ఏ మార్చి నెలలోనో ఆర్డర్లు మీద పడ్డప్పుడు పేరుకున్నవి. ఆ తర్వాత రాకపోకలు సమానమయ్యాయి గానీ, పాత కుప్ప అలాగే ఉండిపోయింది. ప్రతి కొత్త ఆర్డరూ ఆ కుప్ప వెనకాల నిలబడుతోంది. ఇంకొక ఇంజనీరును పర్మనెంట్‌గా తీసుకోవడం దీనికి మందు కాదు. ఎనిమిది ఫైళ్లు అదనంగా లాగేస్తే చాలు. అంటే 48 గంటల పని, ఇద్దరికీ తలా మూడు ఆదివారాల ఓవర్‌టైము. ఆ తర్వాత ట్రేలో నాలుగుకు మించి చేరనివ్వకూడదు. అప్పుడు అదే మనుషులు, అదే వేగం, కానీ ఆగేది ఆరు రోజులు కాదు, రెండు రోజులే.

చేరనివ్వకూడదంటే ఎలా అంటారా? ఆ ఫైళ్లలో అసలు డిజైన్ మొదలుపెట్టడానికి వీల్లేనివి ఎన్నో చూడాలి. చేతులు మారేచోట పుట్టే ఆలస్యం అసలు స్వరూపం ఇక్కడ కనిపిస్తుంది. కేబుల్ పెట్టెలోకి పై నుంచి వస్తుందా, కింది నుంచా? కంట్రోల్ సప్లై 110 వోల్టులా, 230 వోల్టులా? పెట్టె రంగు మామూలుగా వేసే బూడిద రంగు, అదే ఆర్‌ఏఎల్ 7032 చాలా, లేక వాళ్ల ఫ్యాక్టరీకి వేరే షేడ్ ఉందా? దుమ్ము, నీళ్లు లోపలికి రాకుండా ఏ ఐపీ గ్రేడ్ కావాలి? వర్క్ ఆర్డర్లో ఇవి లేకపోతే డిజైన్ ఇంజనీరుకు రెండే దారులు. సేల్స్ వాళ్లను అడగడం, వాళ్లు కస్టమర్ని అడగడం, జవాబు అదే దారిన వెనక్కి రావడం. లేదా ఊహించి గీసేయడం. ఊహించి గీస్తే కస్టమర్ ఆమోదం దగ్గర అది తిరిగొస్తుంది. ఆ ఏడు రోజుల్లో కొంత భాగం ఇదే.

దీన్ని కొలవడానికి ఒక తేలికైన అంకె ఉంది. మీ చేతికి వచ్చిన పది పనుల్లో, ఎవరినీ ఏమీ అడగకుండా, ఏదీ దిద్దకుండా మొదలుపెట్టగలిగినవి ఎన్ని? ఆ ప్రశ్న అందుకునేవాడినే అడగాలి, పంపినవాడిని కాదు. డిజైన్ వాళ్లు పదిలో నాలుగు అన్నారు. డిజైన్ నుంచి సామాన్ల జాబితా అందుకున్న పర్చేజ్ ఆయన ఎనిమిది అన్నాడు. సరుకు అందుకున్న స్టోర్స్ ఆయన తొమ్మిది అన్నాడు. విడివిడిగా చూస్తే రెండోది, మూడోది ఫర్వాలేదనిపిస్తాయి. కానీ ఆర్డర్ మూడింటినీ దాటాలి, కాబట్టి వాటిని గుణించాలి. వందలో 29 ఆర్డర్లు కూడా ఎక్కడా వెనక్కి తిరగకుండా వైరింగు బల్ల చేరడం లేదు. మిగిలినవన్నీ ఎక్కడో ఒకచోట కనీసం ఒకసారి వెనక్కి నడిచినవే. ఏ సాఫ్ట్‌వేర్ రిపోర్టులోనూ ఈ నడక కనిపించదు, ఎందుకంటే అదంతా ఫోన్లలోనూ, వాట్సాప్‌లోనూ జరిగిపోతుంది.

మందు పెద్దదేం కాదు. ఒక పేజీ ప్రశ్నల పత్రం. ఆర్డర్ వచ్చిన రోజే సేల్స్ మనిషీ, డిజైన్ మనిషీ కలిసి కూర్చుని కస్టమర్‌కు ఒక్క ఫోను చేసి నింపాలి. నిండని పత్రం ఉన్న ఫైలు డిజైన్ ట్రేలోకి రాకూడదు. మొదట్లో సేల్స్ వాళ్లు విసుక్కుంటారు. "కస్టమర్ని ఇన్ని ప్రశ్నలడిగితే ఏమనుకుంటాడు సార్?" అంటారు. పది రోజుల తర్వాత అవే ప్రశ్నలు ముక్కలు ముక్కలుగా అడుగుతున్నాం కదా అన్నది వాళ్లకు చీటీలు చూపిస్తే గానీ ఒప్పుకోరు.

ఇప్పుడు మధ్యలో ఉన్న చిక్కు. డ్రాయింగు ఓకే అయ్యాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి సామాన్ల దారి. ఇండెంటు మీద పెద్దాయన సంతకానికి 2 రోజులు, ఎందుకంటే ఆయన మంగళవారం, శుక్రవారం మాత్రమే సంతకాలు పెడతాడు. ఆ తర్వాత సప్లయర్ దగ్గర 7 రోజులు. మొత్తం తొమ్మిది. రెండోది పెట్టె దారి. రేకు కోతకు వరుసలో 3 రోజులు, కోసి వంచి వెల్డింగు చేయడం ఒక రోజు, బయట పౌడర్ కోటింగుకు వెళ్లి రావడం 4 రోజులు. మొత్తం ఎనిమిది. పౌడర్ కోటింగు షాపులో ఆ పెట్టె ఓవెన్‌లో, దాదాపు 180, 200 డిగ్రీల వేడిలో ఉండేది అరగంట లోపే. తుడిచి, కెమికల్ కడిగి, పౌడర్ కొట్టే పని కలిపినా ఒక పూట. మిగతా రోజులన్నీ మన వ్యాన్ కోసం, వాళ్ల దగ్గర అదే రంగు పెట్టెలు ఓవెన్ నిండా చేరడం కోసం.

పౌడర్ కోటింగులో నాలుగు రోజులు పోవడం కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముందు దాని మీదికే దూకాలనిపిస్తుంది. రెండు రోజులకు తగ్గించారనుకోండి. ఆర్డర్ మొత్తం ఎన్ని రోజులు తగ్గుతుంది? సున్నా. పెట్టె ముందే వచ్చి సామాన్ల కోసం గోడవారగా నిలబడుతుంది. రెండు దారుల్లో పొడుగైనదే మొత్తం రోజుల్లోకి లెక్కకొస్తుంది. కాబట్టి ముందు సామాన్ల దారి. రేట్లు ముందే ఒప్పుకున్న మామూలు సామాన్లకు, అంటే పుష్ బటన్లు, టెర్మినళ్లు, చిన్న కాంటాక్టర్ల వంటి వాటికి ప్రతిసారీ సంతకం దేనికి? అవి స్టోర్సులో రెండు డబ్బాలుగా పెట్టుకుని, ఒకటి ఖాళీ కాగానే తెప్పించుకుంటే అయిపోతుంది. ఖరీదైన పెద్ద బ్రేకర్లకు మాత్రమే సంతకం, అదీ ఏ రోజు వస్తే ఆ రోజు. వాటిని డ్రాయింగు తుది ఆమోదం దాకా ఆపకుండా, రేటింగు ఖాయమవగానే ఆర్డర్ పెట్టొచ్చు. ఇలా సామాన్ల దారి ఐదు రోజులకు వచ్చాక, అప్పుడు పెట్టె దారి పొడుగు దారి అవుతుంది. పౌడర్ కోటింగు షాపుకు వారానికి ఒకసారి కాక రెండుసార్లు వ్యాన్ పంపడానికి, కోతకు వరుస తగ్గించడానికి అప్పుడు అర్థం ఉంటుంది. ఈ వరుస తప్పితే డబ్బు ఖర్చవుతుంది, రోజులు తగ్గవు.

చివరి మజిలీ గురించి పెద్దగా చెప్పేది లేదు, అక్కడ తప్పు తేటగా ఉంటుంది. టెస్టింగు అయ్యాక ఇన్‌స్పెక్టర్‌కు మెయిలు, ఆయన చూశాక ప్రొఫార్మా ఇన్వాయిసు, డబ్బు పడ్డాక లారీకి ఫోను. ఒకటి అయ్యాకే ఇంకొకటి. సామాన్లు స్టోర్సులో సెట్టుగా చేరిన రోజునే "ఫలానా రోజుకి ప్యానెల్ సిద్ధం" అని చెప్పగలం కదా. ఇన్‌స్పెక్షన్ తేదీ, డబ్బు కబురు రెండూ ఆ రోజే వెళితే, ప్యానెల్ టెస్టింగులో ఉండగానే వాళ్ల వైపు పని కదులుతుంది. ఈ-వే బిల్లులో సరుకు వివరాలు ముందే నింపి, లారీ నంబరు మాత్రం బండి వచ్చాక వేసుకోవచ్చు. తుది సంతకం కోసం లారీ గేటు బయట ఆగిపోవడం మాత్రం ఏ యూనిట్‌లో అయినా చిన్నతనమే.

ఇలా మార్చుకున్నాక ఎలా ఉంటుందో రెండో పటం గీస్తారు. సేల్స్ దగ్గర ఒక రోజు, డిజైన్ ట్రేలో రెండు, కస్టమర్ ఆమోదానికి మూడు, సామాన్లకూ పెట్టెకూ కలిపి ఐదు, ఆ తర్వాత స్టోర్సు, వైరింగు, టెస్టింగు, ఇన్‌స్పెక్షను, డిస్పాచు ఒక్కోదానికి ఒక్కో రోజు. ఆగేది 16 రోజులు, పని 4 రోజులు, మొత్తం 20. నలభైకి సగం. గమనించండి, పని గంటలు ఒక్కటి కూడా తగ్గలేదు. ఎవరినీ తొందరపెట్టలేదు.

కాగితం మీద వచ్చిన ఈ 20 నిజంగా 20 అవుతుందా? కాదు, దానికి కారణాలు తెలిసి ఉండాలి. కస్టమర్ ఆమోదం మన చేతిలో లేదు. వాళ్ల కంపెనీలోనూ మన డ్రాయింగు ఒక టేబుల్ నుంచి ఇంకొక టేబుల్‌కు నడుస్తోంది. ప్రశ్నలు ముందే తేల్చుకుంటే వెనక్కి తిరగడం తగ్గుతుంది గానీ, వాళ్ల ట్రేలో ఉన్న కుప్ప మనం తీయలేం. ఇంకొకటి, నెలాఖరున ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడితే నాలుగు ఫైళ్ల హద్దు నిలవదు. హద్దు దాటిన రోజున, కొత్త ఆర్డర్‌కు తేదీ చెప్పేముందు ట్రే లెక్కపెట్టి చెప్పే అలవాటు సేల్స్ వాళ్లకు రావాలి. మూడోది, పటం ఒక్క రోజు తీసిన ఫొటో లాంటిది. కింద రాసిన సగటు రోజుల వెనక, ఒక ఆర్డర్ 28 రోజులకు, ఇంకొకటి 58 రోజులకు వెళ్లిన సంగతి దాక్కుని ఉంటుంది.

ఆ తేడాను వదిలేస్తే పటం గీసిన ఫలితం సగం పోయినట్టే. అతికించిన చీటీలు పది చేతికొచ్చాక వాటిని రోజుల వరుసలో పేర్చండి. అన్నిటికంటే ఎక్కువ రోజులు తీసుకున్న ఆర్డర్ చీటీ తీసి, అది ఏ టేబుల్ దగ్గర పడుకుందో, ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో చూడండి. తరచూ ఒకటో రెండో చోట్లే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. కస్టమర్‌కు మాట ఇచ్చేటప్పుడు సగటు రోజులు చెప్పకూడదు. సగటు చెబితే పది ఆర్డర్లలో సుమారు సగం మాట తప్పుతాయి. పదిలో తొమ్మిది ఎన్ని రోజులకు లారీ ఎక్కాయో ఆ అంకె చెప్పాలి. మార్పులు చేసిన రెండు, మూడు నెలలకు మళ్లీ పది చీటీలు తీసినప్పుడు సగటు 24గా, తొమ్మిదో ఆర్డర్ 30గా తేలితే, కొటేషన్‌లో రాయాల్సింది ఐదు వారాలు. అంతకు ముందు రాసిన నాలుగు వారాల కంటే అది ఎక్కువే. అయినా రాయండి. తర్వాతి పది చీటీల్లో తొమ్మిదోది 24కు దిగాక నాలుగు వారాలు రాసుకోవచ్చు.